ఆగకుండా మోగే కాలింగ్ బెల్: తప్పు పట్టుకోవడం, గేటుకు ట్రాన్స్‌ఫార్మర్ బెల్ లేదా వైర్‌లెస్ బెల్ పెట్టుకోవడం

అక్టోబరులో ముసురు పట్టగానే నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఒకే ప్రశ్న వస్తుంటుంది. "ఎవరూ నొక్కకుండానే బెల్ మోగుతోంది, ఏం చేయాలి?" అడిగిన వాళ్లలో ఎక్కువమంది అప్పటికే కొత్త బెల్ కొని బిగించేసి ఉంటారు. అయినా అది మోగుతూనే ఉంటుంది.

ఇళ్లలో ఉండే మామూలు రెండు వైర్ల బెల్‌కు తనంతట తాను మోగే శక్తి లేదు. కరెంటు అందితే మోగుతుంది, ఆగితే ఆగుతుంది. ఆగకుండా మోగుతోందంటే ఎక్కడో కరెంటు దారి మూసుకోకుండా తెరిచే ఉందన్నమాట. ఆ దారి బెల్ స్విచ్‌లో ఉందా, గేటు దాకా వెళ్లిన వైర్లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఏదైనా కొనడం ఆ తర్వాతి పని.

## 1. ముందు చేయాల్సింది: మెయిన్ ఆపడం, శబ్దం గుర్తుపెట్టుకోవడం

బెల్ ఆగకపోతే దాన్ని తట్టి చూడడం, స్విచ్‌ను పదేపదే నొక్కడం వద్దు. ఆ లైనుకు బోర్డులో ఉన్న చిన్న బ్రేకర్‌ను, అంటే ఎం.సి.బి.ని, దించేయండి. ఏ ఎం.సి.బి. అన్నది తెలియకపోతే ఒక్కొక్కటీ దించుతూ పోండి. ఏది దించినప్పుడు శబ్దం ఆగిందో దాని పక్కన పెన్నుతో 'బెల్' అని రాసి పెట్టుకోండి. ఇకముందు ఎన్నోసార్లు పనికొస్తుంది.

ఆపేముందు శబ్దం ఎలా ఉందో ఒక్క క్షణం వినండి. సగం సమాచారం అక్కడే దొరుకుతుంది.

డింగ్-డాంగ్ బెల్ అయితే లోపల ఒక కాయిల్, దాని మధ్యలో కదిలే ఇనుప కడ్డీ ఉంటాయి. నొక్కినప్పుడు కడ్డీ ఒక రేకును కొట్టి 'డింగ్' అంటుంది, వదిలినప్పుడు వెనక్కి వచ్చి రెండో రేకును కొట్టి 'డాంగ్' అంటుంది. స్విచ్ ఇరుక్కుపోతే ఇది పదేపదే మోగదు. ఒక్కసారి 'డింగ్' అని, తర్వాత 'జుయ్య్' మంటూ సన్నగా మూలుగుతూ ఉండిపోతుంది. చాలామంది ఆ మూలుగును పట్టించుకోరు. ఆ కాయిల్ కొన్ని సెకన్ల పనికి చేసినదే తప్ప గంటల తరబడి కరెంటు మోయడానికి కాదు. వేడెక్కి, పైనున్న ప్లాస్టిక్ మెత్తబడి, కాలిన వాసన వస్తుంది. ఊరెళ్లినప్పుడు ఇలా జరిగితే ప్రమాదమే. అందుకే డింగ్-డాంగ్ బెల్ ఉన్నవాళ్లు ఇంటికి తాళం వేసేటప్పుడు ఆ ఎం.సి.బి. దించి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

పిట్ట కూతలు, పాటలు వచ్చే మ్యూజికల్ బెల్ అయితే అదే రాగం మళ్లీ మళ్లీ మొదలవుతుంది. శబ్దం పూర్తి జోరుగా వస్తోందా, నీరసంగా సాగుతూ వస్తోందా గమనించండి. పూర్తి జోరుగా వస్తే స్విచ్ ఇరుక్కోవడమో, రెండు వైర్లు తగులుకోవడమో అయ్యుంటుంది. నీరసంగా, ఆగి ఆగి వస్తే చెమ్మ దారిన కొద్దికొద్దిగా కరెంటు పారుతోందని అనుమానించాలి.

## 2. విప్పేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్. మామూలు రకం చాలు.
- పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్లు, కట్టర్, ఇన్సులేషన్ టేపు.
- స్క్రూ కనెక్టర్లు రెండు మూడు.
- టార్చి. మెయిన్ ఆపాక గోడ మూల చీకటిగా ఉంటుంది.
- పొడి చెప్పులు, పొడి చేతులు. వాన కురుస్తుండగా గేటు దగ్గర పని మొదలుపెట్టవద్దు.

నియాన్ టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. వెలిగినంత మాత్రాన పూర్తి కరెంటు ఉన్నట్టూ కాదు, పక్క వైర్ల ప్రభావంతో కూడా అది మసకగా వెలుగుతుంది. మీటర్‌ను ముందుగా పనిచేస్తున్న సాకెట్‌లో పెట్టి సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోండి. తర్వాత ఎం.సి.బి. దించి, బెల్ దగ్గర రెండు వైర్ల మధ్య, ఆపై ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. అన్నిచోట్లా సున్నా వచ్చాకే చేయి పెట్టండి.

కొత్త లైను డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి లాగాల్సి వస్తే ఆ భాగాన్ని లైసెన్సున్న వైర్‌మన్‌తోనే చేయించండి. తప్పు ఎక్కడుందో మీరు తేల్చి చెబితే ఆయన పని సగమవుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.

## 3. తప్పు స్విచ్‌లోనా, వైర్లోనా: ఒక్క వైరు విప్పి తేల్చడం

మొత్తం పనికి కీలకం ఈ మెట్టే. అయినా ఎక్కువమంది దాటేసేది దీన్నే.

మెయిన్ ఆపండి. బెల్ స్విచ్‌ను, అంటే నొక్కే పుష్‌ను, పెట్టెలోంచి బయటికి తీయండి. దానికున్న రెండు వైర్లలో ఒకదాన్ని విప్పి, చివర కనెక్టర్ తొడిగి, దేనికీ తగలకుండా పక్కకు వంచండి. ఇప్పుడు దూరంగా వచ్చి మెయిన్ వేయండి.

బెల్ నిశ్శబ్దంగా ఉంటే తప్పు పుష్‌లోనే ఉంది. వైరు, బెల్ బాగున్నాయి. నాలుగో మెట్టుకు వెళ్లండి.

పుష్ లేకుండానే బెల్ మోగుతుంటే పుష్ మార్చి లాభం లేదు. గేటుకూ బెల్‌కూ మధ్య వైర్లోనే కరెంటుకు దారి దొరికింది. ఐదో మెట్టు చూడండి.

ఈ పరీక్షను బెల్ మోగుతున్న రోజే చేయాలి. ఎండ కాసి గోడ ఆరిపోయాక చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, మళ్లీ వాన పడగానే కథ మొదటికొస్తుంది. అందుకే వాన వెలిసిన గంటా రెండు గంటల్లో, పుష్ పెట్టె పైభాగం తుడిచి, ఇంకా లోపల చెమ్మ ఉండగానే చూసుకోండి.

## 4. తప్పు పుష్‌లో ఉంటే

మెయిన్ మళ్లీ ఆపి, విప్పిన పుష్‌ను చేతిలోకి తీసుకుని మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి రెండు స్క్రూల మధ్య చూడండి. నొక్కనప్పుడు దారి లేనట్టు, నొక్కినప్పుడు దాదాపు సున్నా చూపాలి. నొక్కకుండానే సున్నా చూపిస్తే లోపలి రేకు ఇరుక్కుంది, లేదా స్ప్రింగు పోయింది. నొక్కకుండా పది, ఇరవై, యాభై కిలో ఓమ్‌లు చూపిస్తే లోపల చెమ్మ, ఉప్పు పేరుకున్నాయి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఈ రెండోది మరీ ఎక్కువ. పుష్ విప్పి చూస్తే ఇత్తడి రేకు మీద పచ్చటి పొడి, దాని కింద ప్లాస్టిక్ మీద సన్నటి తెల్లటి చార కనిపిస్తాయి. ఆ తెల్లటి చార ఉప్పు. ఎండినప్పుడు దాని వల్ల ఏమీ కాదు. గాలిలో తేమ పెరగగానే నీటిని పీల్చుకుని ఒక స్క్రూ నుంచి ఇంకో స్క్రూకు కరెంటును నడిపిస్తుంది. ఉదయం మంచు వేళ మోగి, ఎండెక్కాక తగ్గే బెల్‌కు కారణం చాలాసార్లు ఇదే.

శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చా అని అడుగుతారు. ఇంటి లోపలి గుమ్మం పక్కనున్న పుష్ అయితే చేయవచ్చు. చీమలు, దుమ్ము దులిపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బాగా ఆరాక బిగించండి. గేటు పిల్లర్ మీద ఉన్నదైతే మాత్రం మార్చేయండి. ఒకసారి ప్లాస్టిక్‌లోకి ఉప్పు పట్టాక ఎంత తుడిచినా మళ్లీ తేమను లాక్కుంటుంది.

కొత్తది బిగించేటప్పుడు:

- పెట్టె మీద నీటి రక్షణ గుర్తు, అంటే ఐపీ44 లేదా అంతకంటే పైది, ఉన్న బయటి రకం పుష్ తీసుకోండి.
- వైరు కిందివైపు నుంచే లోపలికి రావాలి. పెట్టెలోకి వెళ్లేముందు వైరును కాస్త కిందికి వంచి పైకి తిప్పితే దాని వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.
- పెట్టె చుట్టూ పైన, రెండు పక్కలా సిలికాన్ పూయండి. కింద మాత్రం వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే లోపల పట్టిన తేమకు బయటికి దారి ఉండదు.
- స్క్రూల మీద వైరు బిగించాక కాస్త వ్యాజిలైన్ రాయండి. బయటి స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువైతే తుప్పు పట్టవు.

ఒక చిన్న విషయం. కొన్ని ఇళ్లలో అసలు పుష్ ఉండదు, దాని బదులు మామూలు లైటు స్విచ్ బిగించి ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వచ్చినవాళ్లు నొక్కి వదిలేస్తారు, అది ఆన్‌లోనే ఉండిపోతుంది. పుష్ మీద గంట బొమ్మ ఉంటుంది, నొక్కి వదలగానే తిరిగి పైకి రావాలి.

చీకట్లో కనిపించేలా చిన్న ఎర్ర లైటు ఉన్న పుష్‌లు కూడా ఒక్కోసారి ఇబ్బంది పెడతాయి. ఆ లైటు వెలగడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు బెల్ గుండానే పోతుంది. డింగ్-డాంగ్ కాయిల్‌కు అది ఆనదు. కొన్ని ఎలక్ట్రానిక్ బెల్స్ మాత్రం అంత కొద్ది కరెంటుకే గురగురమంటాయి. లైటు లేని పుష్ పెడితే సరిపోతుంది.

## 5. తప్పు వైర్లో ఉంటే: మైపాడు రోడ్డు ఇంట్లో జరిగింది

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే బెల్ మార్చి, పుష్ మార్చి విసిగిపోయిన ఇళ్లన్నిటిలో తప్పు ఇక్కడే ఉంటుంది.

నెల్లూరు మైపాడు రోడ్డులో మా పిన్నివాళ్ల ఇల్లు. వీధి గేటు నుంచి హాలు దాకా వైరు పద్దెనిమిది మీటర్లు, నేలలో పాతిన పైపు గుండా వెళ్లింది. నవంబరు ముసురులో రాత్రంతా మ్యూజికల్ బెల్ నీరసంగా కూస్తూనే ఉంది. "బెల్లు మార్చేశాం, స్విచ్చీ మార్చేశాం నాయనా, అయినా అట్నే మోగతా ఉంది" అంది పిన్ని.

పుష్ దగ్గర ఒక వైరు విప్పి మెయిన్ వేస్తే బెల్ ఆగలేదు. అంటే తప్పు వైర్లోనే. మెయిన్ ఆపి వైరింగ్ చూస్తే అసలు సంగతి బయటపడింది. ఫేజ్ నేరుగా బెల్‌కు వెళ్లింది. బెల్ నుంచి వచ్చిన వైరు గేటు దాకా పోయి, పుష్ గుండా న్యూట్రల్‌కు కలిసింది. అంటే పుష్‌ను ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టారు.

నొక్కితే మోగుతుంది కాబట్టి వేసిన రోజు ఎవరికీ తేడా తెలియదు. అయితే ఇలా వేస్తే బెల్‌కు ఎప్పుడూ ఫేజ్ అందుతూనే ఉంటుంది. బెల్ నుంచి గేటుకు వెళ్లే వైరు దారిలో ఎక్కడ తడి నేలకు తగిలినా కరెంటు అక్కడి నుంచే భూమిలోకి పోతుంది, బెల్ మోగుతుంది. పుష్ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆ వైరు రెండు చివర్లా విప్పి, దానికీ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 18 కిలో ఓమ్‌లు చూపింది. బాగున్న వైరైతే దారి లేనట్టే చూపాలి. 230 వోల్టులను 18 వేల ఓమ్‌లతో భాగిస్తే సుమారు 13 మిల్లీ ఆంపియర్లు. మ్యూజికల్ బెల్‌ను కూయించడానికి ఆ కాస్త చాలు. కరెంటు భూమిలోకి లీకైతే లైను ఆపేసే ఆర్.సి.సి.బి. ఇంట్లో ఉంది, కానీ అది 30 మిల్లీ ఆంపియర్లది, 13కు పడిపోదు. అందుకే ఇంట్లో ఇంకేదీ ఆగకుండా బెల్ ఒక్కటే మోగుతూ ఉండిపోయింది.

వైరు బయటికి లాగితే మధ్యలో ఒక అతుకు కనిపించింది. వైరు పొట్టి పడితే ఎవరో పైపు లోపలే మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు జిగురు కరిగిపోయి, రాగి నల్లబడి, పైపులో చేరిన నీటిలో మునిగి ఉంది.

మీ ఇంట్లో కొలిచేటప్పుడు గేటుకు వెళ్లే రెండు వైర్లనూ రెండు చివర్లా విప్పి చూడాలి. ఒక చివర కలిసి ఉంటే అంకెలు తప్పు చెబుతాయి. మీటర్ చెప్పేది ఇలా అర్థం చేసుకోండి:

- రెండు వైర్ల మధ్య దాదాపు సున్నా: రెండూ తగులుకున్నాయి. గోడకు మేకు కొట్టారా, గేటు దగ్గర వెల్డింగ్ చేయించారా గుర్తుతెచ్చుకోండి.
- వేల ఓమ్‌లలో ఏదైనా అంకె: చెమ్మ, పాత అతుకు, చిట్లిన ఇన్సులేషన్.
- ఎక్కడా దారి లేదు, అయినా బెల్ సన్నగా గురగురమంటోంది: పక్కనే సాగుతున్న ఇతర వైర్ల ప్రభావం. పొడవాటి వైరు, సున్నితమైన ఎలక్ట్రానిక్ బెల్ కలిసినప్పుడు ఇలా అవుతుంది.

పాత పద్ధతిలోనే 230 వోల్టుల బెల్ ఉంచుకోవాలంటే కొత్త వైరును అతుకు లేకుండా లాగి, ఫేజ్ ముందు పుష్‌కు, అక్కడి నుంచి బెల్‌కు, బెల్ నుంచి న్యూట్రల్‌కు వచ్చేలా కలపాలి. పుష్ న్యూట్రల్ మీద ఉన్న ఇంట్లో 'పుష్‌కు ఫేజ్ రాలేదు కదా' అన్న ధీమా వద్దు. బెల్ గుండా ఫేజ్ అక్కడిదాకా వచ్చి కూర్చుంటుంది, తాకితే షాక్ కొడుతుంది.

నా మాట అడిగితే, వానలో తడిసే గేటు పిల్లర్ మీద, పిల్లలూ పేపర్ వేసే కుర్రాడూ తడి చేత్తో నొక్కే చోట 230 వోల్టులు ఉండనే కూడదు. పిన్నివాళ్ల ఇంట్లో కూడా ట్రాన్స్‌ఫార్మర్ బెల్‌కే మార్చాం.

## 6. ట్రాన్స్‌ఫార్మర్ బెల్ కలపడం

బెల్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 8 లేదా 12 వోల్టులకు దించుతుంది. తక్కువ వోల్టులు వచ్చే దాని రెండో వైపుకూ మెయిన్ లైనుకూ నేరుగా సంబంధం ఉండదు. కాబట్టి గేటు వైరు ఒకచోట తడి నేలకు తగిలినా కరెంటు భూమిలోంచి తిరిగి రావడానికి దారి లేదు. పైగా 18 కిలో ఓమ్‌ల చెమ్మ గుండా 12 వోల్టులు పంపగలిగేది ఒక మిల్లీ ఆంపియర్ కూడా కాదు. దాంతో డింగ్-డాంగ్ కడ్డీ కదలదు. ముసురులో బెల్ మోగే జబ్బుకు అసలు మందు ఇదే.

కొనేటప్పుడు బెల్, ట్రాన్స్‌ఫార్మర్ రెండింటి మీదా వోల్టేజీ ఒకటే ఉండాలి. 12 వోల్టుల ఏసీ బెల్ అయితే 12 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. బెల్ ఒక ఆంపియర్ లాగేదైతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కనీసం ఒక ఆంపియర్‌ది ఉండాలి. రెండో వైపు వైర్లు కలిసిపోయినా కాలిపోని రకం దొరికితే అదే తీసుకోండి. మొబైల్ చార్జర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ వాడవద్దు. అవి డీసీ ఇస్తాయి, ఏసీ బెల్‌కు పనికిరావు. పాత 230 వోల్టుల బెల్ కూడా దీనికి పనికిరాదు.

వైరు 0.75 చదరపు మి.మీ. రాగి, రెండు కోర్లది. పద్దెనిమిది మీటర్లు పోయి రావడానికి ఒక ఆంపియర్ దగ్గర సుమారు ఒక వోల్టు తగ్గుతుంది, ఇబ్బంది లేదు. ఇంట్లో మిగిలిన పాత టెలిఫోన్ వైరు వాడితే ఆ సన్నటి తీగలో మూడు నుంచి ఐదు వోల్టులు పోతాయి, బెల్ 'టక్' మని ఊరుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ బెల్ మోగడం లేదన్న ఇళ్లలో ముందు చూడాల్సింది ఈ వైరునే.

ఇక వరస ఇది:

1. గేటుకు వెళ్లే పాత 230 వోల్టుల వైరును స్విచ్‌బోర్డు దగ్గర పూర్తిగా విడదీయండి. చివరలకు కనెక్టర్ తొడగండి. వీలైతే వైరు మొత్తం లాగేయండి. సగంలో వదిలేస్తే రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ దాన్ని మళ్లీ కలిపేస్తాడు.

2. కొత్త వైరును అతుకు లేకుండా గేటు దాకా లాగండి. లైట్లు, మోటారు వైర్లున్న పైపులోంచి కాకుండా వేరే పైపులో పోవాలి. పంపు మోటారు వైరు పక్కనే పెట్టడం మరీ తప్పు.

3. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంటి లోపల, డిస్ట్రిబ్యూషన్ బోర్డులోనో దాని పక్కన గాలి ఆడే పెట్టెలోనో బిగించండి. గేటు పిల్లర్‌లో పెట్టవద్దు. అలా పెడితే 230 వోల్టులు మళ్లీ గేటుకే వెళ్లినట్టు.

4. మెయిన్ ఆపి, 6 ఆంపియర్ల ఎం.సి.బి. నుంచి ఫేజ్, న్యూట్రల్ తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ మీద 230 అని రాసి ఉన్న వైపు కలపండి. ఇది తిరగబడకూడదు. 12 వోల్టుల వైపు 230 ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడమే కాదు, 230 అని రాసి ఉన్న వైపు వేల వోల్టులు పుట్టే ప్రమాదం ఉంది. కలిపాక ఒకసారి, మెయిన్ వేసేముందు ఇంకోసారి చదివి చూసుకోండి.

5. రెండో వైపు ఏమీ కలపకుండా మెయిన్ వేసి, మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి కొలవండి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉన్నప్పుడు 14, 15 చూపినా కంగారు లేదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నీ అంతే, బెల్ కరెంటు లాగగానే దిగుతాయి.

6. మెయిన్ ఆపండి. రెండో వైపు ఒక స్క్రూ నుంచి వైరు నేరుగా బెల్‌కు. రెండో స్క్రూ నుంచి వైరు గేటులోని పుష్‌కు, పుష్ నుంచి తిరిగి బెల్ రెండో స్క్రూకు. ఇంతే, ఒక్క చుట్టు.

7. పుష్ బిగించకముందే మెయిన్ వేసి, గేటు దగ్గర ఆ రెండు వైర్ల చివరలను ఒక్క క్షణం తాకించండి. 'డింగ్' అనాలి, విడదీస్తే 'డాంగ్' అనాలి. ఇప్పుడు మోగి, పుష్ బిగించాక మోగకపోతే తప్పు పుష్‌లోనని వెంటనే తెలిసిపోతుంది.

8. పుష్ బిగించి, ఒకరు నొక్కి పట్టుకోగా ఇంకొకరు బెల్ స్క్రూల మధ్య కొలవండి. 12 వోల్టుల బెల్ దగ్గర పదికి పైగా ఉంటే సరే.

ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ కాస్త గోరువెచ్చగా ఉంటుంది, అది మామూలే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే పుష్ ఇరుక్కుందో, గేటు వైర్లు కలిసిపోయాయో చూడండి. మూడో మెట్టు పరీక్ష ఇక్కడా అలాగే పనిచేస్తుంది. 'డింగ్' అని 'డాంగ్' అనకుండా ఆగిపోయినా అదే కారణం, లేదా బెల్ లోపలి కడ్డీ దుమ్ము పట్టి కదలడం లేదు. కడ్డీని పొడి గుడ్డతో తుడవండి. నూనె వేయవద్దు, ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

## 7. వైరు లాగే వీలు లేకపోతే: వైర్‌లెస్ బెల్

అద్దె ఇల్లు, టైల్స్ వేసిన వాకిలి, పైపు లేని గేటు. ఇలాంటి చోట వైర్‌లెస్ బెల్ సరైనది. నొక్కే బటన్‌లో బ్యాటరీ, ఇంట్లో సాకెట్‌కు పెట్టే రిసీవర్, అంతే. గేటు దగ్గర కరెంటే ఉండదు.

బిగించేముందే జత కలిపి, నడిచి పరీక్షించాలి. రిసీవర్‌ను సాకెట్‌లో పెట్టి, దాని బటన్‌ను లైటు వెలిగేదాకా నొక్కి పట్టి, వెంటనే గేటు బటన్ నొక్కితే చాలా రకాల్లో జత కుదురుతుంది. మీది ఎలాగో పెట్టెలోని కాగితం చెబుతుంది. ఆపైన బటన్‌ను చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఇంటి తలుపులన్నీ మూయించి నొక్కి చూడండి. పెట్టె మీద రాసే దూరం మధ్యలో గోడల్లేని మైదానానిది. రెండు కాంక్రీటు గోడలు అడ్డొస్తే అది బాగా తగ్గిపోతుంది.

బటన్‌ను ఇనుప గేటుకే అంటించడం అందరూ చేసే తప్పు. ఇనుము సిగ్నల్‌ను మింగేస్తుంది. పక్కనున్న పిల్లర్ మీద, వాన నేరుగా పడని వైపు పెట్టండి. రిసీవర్ ఫ్రిజ్ వెనకో, ఇనుప బీరువా పక్కనో ఉండకూడదు.

ఇది కూడా ఆగకుండా మోగుతుంది. అప్పుడు ఈ వరసలో చూడండి:

- బటన్‌లో బ్యాటరీ తీసేయండి. మోత ఆగితే బటన్ ఇరుక్కుంది, లేదా లోపల నీరు చేరింది. విప్పి ఆరబెట్టి, రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందో చూడండి. బ్యాటరీ స్ప్రింగుకు పచ్చటి పొడి పడితే కొత్త బటన్ కొనడమే మేలు.
- బ్యాటరీ తీసినా మోగుతుంటే రిసీవర్‌ను సాకెట్‌లోంచి తీసి, ఒక నిమిషం ఆగి పెట్టండి.
- అప్పుడప్పుడూ ఎవరూ లేకుండా మోగుతుంటే పక్కింటి బెల్ కోడు మీదీ ఒకటే అయ్యుండవచ్చు. పక్కవాళ్లను ఒకసారి నొక్కమనండి. మీది మోగితే మీ రిసీవర్‌లోని పాత జతలన్నీ చెరిపి మళ్లీ కలపండి. జత మార్చే వీలు లేని చవక రకమైతే ఇద్దరిలో ఒకరు బెల్ మార్చక తప్పదు.
- జతలన్నీ చెరిపాక కూడా మోగితే రిసీవరే చెడిపోయింది.

బటన్ బ్యాటరీ రెండు రకాల్లో వస్తుంది. సీఆర్2032 నాణెం రకం 3 వోల్టులది, 23ఏ చిన్న గొట్టం రకం 12 వోల్టులది. గేటు దగ్గర నొక్కితే మోగక, ఇంట్లోకి తెచ్చి నొక్కితే మోగుతోందంటే ముందు బ్యాటరీ మార్చండి.

బ్యాటరీ అసలు లేని బటన్‌లు కూడా దొరుకుతున్నాయి. వాటిని కాస్త గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడుకే కరెంటు పుట్టి ఒక్కసారి సిగ్నల్ వెళ్తుంది. బటన్ ఇరుక్కుపోయినా రెండో సిగ్నల్ పుట్టదు కాబట్టి ఆగకుండా మోగే సమస్య బటన్ వైపు నుంచి రాదు. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు కాస్త ధర ఎక్కువైనా వీటిని చూడవచ్చు. బ్యాటరీ స్ప్రింగుకు ఉప్పు పట్టే బాధా ఉండదు. వృద్ధులు, చిన్నపిల్లలు ఎక్కువగా వచ్చే ఇల్లయితే మాత్రం వాళ్లచేత ఒకసారి నొక్కించి చూసి కొనండి, వేలు బలం చాలకపోతే అసలు మోగదు.

## 8. అక్టోబరులోపు ఒకసారి చూసుకోవాల్సినవి

- గేటు పుష్ విప్పి లోపల పచ్చటి పొడి, చీమల మట్టి ఉన్నాయేమో చూడండి.
- పుష్ పైన సిలికాన్ ఊడిందేమో, కింద నీరు పోయే ఖాళీ మూసుకుందేమో చూడండి.
- 230 వోల్టుల బెల్ అయితే పుష్ ఫేజ్ మీదే ఉందా, న్యూట్రల్ మీద ఉందా వైర్‌మన్‌తో ఒకసారి చూపించుకోండి.
- ఆర్.సి.సి.బి. మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే బెల్ సంగతి తర్వాత, ముందు దాన్ని మార్పించండి.
- వైర్‌లెస్ బటన్ బ్యాటరీ మార్చి, రబ్బరు అంచు తుడిచి మూయండి.

బెల్ నుంచి కాలిన వాసన వచ్చినా, పైకప్పు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగినా దాన్ని మళ్లీ వాడవద్దు. ఒకసారి కాగిన కాయిల్‌కు ఇన్సులేషన్ పోయి ఉంటుంది. పుష్ బాగుచేశాక అది మామూలుగా మోగినట్టే కనిపించినా మరుసటిసారి ఇంకా త్వరగా వేడెక్కుతుంది.